ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు?

“మా బిడ్డ పది పాసైంది సారూ. ఏ కోర్సు మంచిదో చెప్పున్రి.”

మే, జూన్ నెలల్లో ఊళ్లో కాస్త చదువుకున్నవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. మార్కులెన్నో, పిల్లకు ఏది ఇష్టమో, ఇంట్లో డబ్బెంతుందో, ఏ ఊళ్లో చదివించాలనుకుంటున్నారో అడిగినవారు ఒక్కటీ చెప్పరు. విన్నవారు కూడా ఆలోచించకుండా జవాబిస్తారు. “ఎంపీసీలో వేయండి, ఎటైనా పోవచ్చు” అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎంపీసీ చదివినవారు ఇంజినీరింగ్‌కే కాదు, డిగ్రీకీ, ఫార్మసీకీ వెళ్లగలరు. బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైతే నీట్‌కూ అర్హులేనని 2023లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. సీఈసీలో చేరిన పిల్లకు మాత్రం ఇంజినీరింగ్ దారి మూసుకుపోయినట్టే. కానీ ఎన్ని దారులు తెరిచి ఉన్నా, ఆ దారిలో ఎన్నేళ్లు నడవగలరో తెలియకపోతే ఆ జవాబుతో ప్రయోజనం లేదు.

అందుకే మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకూడదు. ఇష్టం గురించి అసలే కాకూడదు. పదిహేనేళ్ల పిల్లను నీకేమిష్టమని అడిగితే, తను చూసిన నాలుగు ఉద్యోగాల్లో ఒకటి చెబుతుంది. బడ్జెట్ ఎంతని తండ్రిని సూటిగా అడిగితే మొహమాటపడతాడు, లేదా “ఎంతైనా పెడతా” అంటాడు. అడగాల్సింది ఇదీ: ఈ బిడ్డ సంపాదన కోసం మీ ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు?

ఒక ఇంటిని ఊహించుకుందాం. జడ్చర్ల దగ్గర పల్లె. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి కూలికి వెళుతుంది. 2026లో పెద్దమ్మాయి పది పాసైంది, చిన్నవాడు ఎనిమిదిలోకి వచ్చాడు. ఎన్నేళ్లు ఆగగలవని అడిగితే తండ్రి ముందు తల గోక్కుంటాడు. తర్వాత తనే లెక్క వేస్తాడు. “చిన్నోడు పది అయ్యేదాకా ఎట్లనో నెట్టుకొస్త సారూ. ఆ తర్వాత ఇద్దరినీ మొయ్యలేను.” అంటే 2029 దాకా, మూడేళ్లు.

ఈ ఒక్క సంఖ్యతో సగం చిక్కు విడిపోతుంది. ఇంటర్‌లో చేర్పిస్తే అమ్మాయి 2028లో పాసవుతుంది. అప్పటికి చేతిలో ఉండేది ఇంటర్ మెమో. దాన్ని చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. బీటెక్ పూర్తయ్యేది 2032లో. అంటే తమ్ముడు ఇంటర్‌కు వచ్చాక కూడా అక్కకు మూడేళ్లు ఫీజులు కట్టాలి. సరిగ్గా తండ్రి మొయ్యలేనన్న మూడేళ్లు అవే.

పాలిటెక్నిక్‌లో చేర్పిస్తే మూడేళ్ల డిప్లొమా 2029లో ముగుస్తుంది. జూనియర్ ఇంజినీర్ పోస్టులకూ, కంపెనీల్లో టెక్నీషియన్ పనులకూ అడిగే అర్హత అప్పటికే చేతికొస్తుంది. ఇంట్లో పరిస్థితి బాగుంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. అదీ 2032లోనే పూర్తవుతుంది. రెండు దారుల్లోనూ బీటెక్‌కు పట్టేది ఆరేళ్లే. తేడా ఎక్కడంటే, డిప్లొమా దారిలో సగం దూరంలో దిగిపోయినా చేతిలో పనికొచ్చే సర్టిఫికెట్ ఉంటుంది.

రెండో ప్రశ్న: అమ్మాయి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? చాలా ఇళ్లలో ఖర్చు లెక్క తప్పేది ఇక్కడే. కాలేజీ ఫీజు చూస్తారు, హాస్టల్ సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా హాస్టల్ ఖర్చు మొత్తం దాంతో తీరదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకైతే అది అసలే వర్తించదు. మన ఉదాహరణలోని అమ్మాయికి మహబూబ్‌నగర్ రోజూ వెళ్లొచ్చే దూరం. అక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వస్తే ఫీజు ఏడాదికి కొన్ని వేలే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చూ పడదు. అదే అమ్మాయి హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి అదే డిప్లొమా చదివితే మూడేళ్లకు తండ్రి వేసుకున్న లెక్క మొత్తం తారుమారవుతుంది. ఊరు ఏదైతే బాగుంటుందన్నది వేడుక కోసం అడిగే ప్రశ్న కాదు. ఇంట్లో ఖర్చును తేల్చేది అదే.

మార్కుల వంతు మూడోది. అదీ మొత్తం మార్కులు కాదు, లెక్కలు ఎలా వచ్చన్నది. “మ్యాథ్స్‌లో తొంభై సార్” అన్న మాటతో ఆగకూడదు. గైడులో ఉన్న లెక్కల్ని బట్టీ పట్టి తొంభై తెచ్చుకున్న పిల్లలు చాలామందే ఉన్నారు. కాగితం మీద x² − 5x + 6 = 0 రాసి ఇవ్వండి. 2, 3 అని జవాబు చెబితే చాలదు, ఎలా వచ్చిందో నోటితో చెప్పమనండి. వివరించగలిగితే దిగులు లేదు. “సార్ ఇట్లనే చేయమన్నడు” అంటే మాత్రం ఆలోచించాలి. డిప్లొమా మొదటి ఏడాదిలో దెబ్బతినేది ఎక్కువగా గణితంలోనే. పైగా పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి మొదటి కొన్ని నెలలు రెండు బరువులు ఒకేసారి మీద పడతాయి. బ్యాక్‌లాగులు పేరుకుపోయి రెండో ఏడాదిలో మానేస్తే చేతిలో డిప్లొమా ఉండదు, ఇంటర్ మెమో కూడా ఉండదు. నిజానికి ఈ దారిలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. పాలిటెక్నిక్‌ను పొగిడేవాళ్లు దీని మాట ఎత్తరు.

లెక్క వివరించలేని పిల్లకు ఆ మూడేళ్ల గడువులోనే ఐటీఐ ఉంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడులు రెండేళ్లు. వెల్డర్ ఏడాదే. ఆడపిల్లకు ఐటీఐ ఏమిటన్న మాట ఇంకా వినిపిస్తుంది. ఆ మాట అనేవారు ఫీజు మాత్రం కట్టరు.

ఇష్టాన్ని అన్నిటికంటే చివర అడగాలి, అదీ తిప్పి అడగాలి. “నీకేది అస్సలు వద్దు?” అని అడిగితే పిల్లలు నిజం చెబుతారు. రక్తం చూడలేనంటే బైపీసీ తీసుకుని నర్సింగ్ వైపు వెళ్లే ఆలోచన మానుకోవచ్చు. రోజంతా ఎండలో సైటు దగ్గర నిలబడలేనంటే సివిల్ డిప్లొమా పక్కన పెట్టొచ్చు. వద్దన్నవి పోగా మిగిలినవాటిలో బ్రాంచ్‌ను అమ్మాయే ఎంచుకోవాలి. అప్పటికి తండ్రి, మేనమామ, పక్కింటి బీటెక్ కుర్రాడు ఊరుకోవడం మంచిది.

ఇక ఇల్లు ఆరేళ్లు ఆగగలదన్న జవాబు వస్తే సంగతి మొత్తం మారిపోతుంది. అప్పుడు ఇంటర్, ఎప్‌సెట్ దారే మేలు. ఈసెట్‌తో చేరే సీట్లతో పోలిస్తే ఎప్‌సెట్‌తో వచ్చే సీట్లు చాలా ఎక్కువ. పదిలో మంచి మార్కులుంటే పది తర్వాత ఆరేళ్ల చదువు ఒకేచోట చెప్పే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలకూ దరఖాస్తు చేయాలి. తెలంగాణలో బాసర, ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం లాంటి క్యాంపస్‌లు ఉన్నాయి. డాక్టరే కావాలని పట్టుబట్టే పిల్లకు డిప్లొమా దారి చూపించడం తప్పే. కాకపోతే ఎంబీబీఎస్ దాకా ఆగాలంటే ఆరేళ్లు చాలవని కూడా ఆ ఇంటికి ముందే చెప్పాలి.

చివరిగా ఒక మాట. ఈ ప్రశ్నలు జూన్‌లో అడిగితే చాలా ఆలస్యం. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఏప్రిల్, మే నెలల్లోనే జరుగుతుంది. దరఖాస్తుల గడువు అంతకంటే ముందే ముగుస్తుంది. కార్పొరేట్ కాలేజీల వాళ్లయితే పది పరీక్షలకు ముందే ఇంటికి వచ్చి సీటు రిజర్వ్ చేసుకోమని అడ్వాన్స్ తీసుకుంటారు. ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం అంత తేలిక కాదు. ఇంట్లో పది చదువుతున్న పిల్లలుంటే సంక్రాంతి సెలవుల్లోనే అందరూ కూర్చుని మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం సిద్ధమయ్యే దాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.