అమ్మ ఫోన్ ఎందుకు మోగలేదు?

తెనాలిలో ఓ రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఇద్దరే ఉంటున్నారనుకుందాం. కొడుకు డాలస్‌లో, కూతురు దుబాయ్‌లో. అటు కోస్తాలో, ఇటు కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. వీడియో కాల్ అనగానే అందరూ ముందు అడిగేది ‘ఏ యాప్ మంచిది?’ అనే. కానీ ఆ సంగతి సగం తేల్చేది పిల్లలున్న దేశమే. మిగతా సగం పెద్దవాళ్ల ఫోన్‌లోని సెట్టింగుల చేతిలో ఉంటుంది.

డాలస్ అబ్బాయి సంగతి తేలికే. అమ్మానాన్నలకు వాట్సాప్ వచ్చు. పొద్దున్నే గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపేదీ అందులోనే. పేరు మీద నొక్కి, పైనున్న కెమెరా గుర్తు నొక్కితే చాలు. ఐఫోన్ వాడే అబ్బాయికి ఫేస్‌టైమ్ మీద మనసు పోవచ్చు. కానీ ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న తల్లిదండ్రులు ఫేస్‌టైమ్‌లో తమంతట తాము కాల్ చేయలేరు. 2021 నుంచి, అబ్బాయి పంపిన లింకును బ్రౌజర్‌లో తెరిచి కలవడం వరకే వీలుంది. ఎప్పుడో కష్టపడి నేర్చుకున్న స్కైప్ 2025 మే 5న మూతపడింది. అమ్మకు రోజూ అలవాటైన యాప్ ఉండగా కొత్తది నేర్పడం ఇద్దరికీ శ్రమే.

దుబాయ్ అమ్మాయి దగ్గరే చిక్కు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, ఫొటోలు వెళ్తాయి, కాల్స్ మాత్రం వెళ్లవు. ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడి టెలికాం సంస్థ అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. వాటిలో మనవాళ్లకు బాగా పరిచయమైనది బోటిమ్. దాన్ని అమ్మ ఫోన్‌లోనూ వేసి, అమ్మాయి నంబరు సేవ్ చేసి పెట్టాలి. వీపీఎన్ పెట్టి వాట్సాప్‌లో మాట్లాడేవాళ్లూ లేకపోలేదు. అయితే చట్టవిరుద్ధమైన పనికి వీపీఎన్ వాడినట్టు తేలితే అక్కడి సైబర్ చట్టంలో జరిమానా మొదలయ్యేదే 5 లక్షల దిర్హమ్‌ల దగ్గర. ఉద్యోగం కోసం వెళ్లిన పిల్లలకు ఆ తలనొప్పి ఎందుకు?

అన్నాచెల్లెళ్లు, అమ్మానాన్నలు అందరూ ఒకేసారి కనబడాలంటే జూమ్ ఉంది. యూఏఈలో దానికి అనుమతి ఉంది. ఉచితంగా అయితే 40 నిమిషాలకు కాల్ ఆగిపోతుంది. ఆ మాట పెద్దవాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే తామే ఏదో నొక్కేశామని కంగారు పడతారు. వాళ్లు చేయాల్సింది వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కడమే. అందరికీ కుదిరే వేళ ఆదివారం రాత్రి మనకు 8 గంటలు. అప్పుడు దుబాయ్‌లో సాయంత్రం ఆరున్నర, డాలస్‌లో చలికాలమైతే ఉదయం ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి, అప్పటినుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ తొమ్మిదిన్నర అవుతుంది. వేళను మన టైము ప్రకారమే ఖాయం చేసుకోవడం మేలు. గడియారం మార్పుల లెక్కలు పిల్లలు చూసుకుంటారు.

ఇక అసలు గొడవ. ‘ఎన్నిసార్లు చేసినా ఎత్తరేం?’ అని కొడుకు, ‘మాకు మోగితే కదరా!’ అని తల్లి. చాలా ఇళ్లలో ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఎక్కడ తేడా వచ్చిందో కాల్ చేసిన వాళ్ల తెరే చెబుతుంది. వాట్సాప్‌లో Calling అని కనిపిస్తున్నంతసేపు కాల్ అమ్మ ఫోన్‌కు చేరలేదన్నమాట. అటు నెట్ లేదు, లేదా ఫోన్ ఆగిపోయింది. Ringing అని మారితే కాల్ చేరింది. అయినా అమ్మకు వినపడలేదంటే ఫోన్ సైలెంట్‌లో ఉందనో, రింగు శబ్దం తగ్గిందనో అనుకోవాలి. యూట్యూబ్‌లో భక్తి పాటలు గట్టిగానే వస్తున్నాయి కదా అంటారు పెద్దవాళ్లు. పాటల శబ్దం వేరు, రింగు శబ్దం వేరు. రెండింటినీ విడివిడిగా పెంచాలి.

Calling దగ్గరే ఆగిపోతుంటే ముందు రీఛార్జి చూడాలి. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకుల్లో ఆ కోటా అయిపోయాక నెట్ పూర్తిగా పోదు కానీ, సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో వీడియో కదలదు. మధ్యాహ్నమంతా సీరియళ్లు ఫోన్‌లో చూస్తే రాత్రి మనవడి ముఖం ముక్కలుముక్కలుగా కనబడేది ఇందుకే. ఇంట్లో వైఫై ఉంటే ఈ బాధ ఉండదు. కరెంటు పోతే మాత్రం రూటరూ ఆగుతుంది. రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ బజార్లో దొరుకుతుంది.

నెట్ ఉన్నా కాల్ రావడం లేదంటే బ్యాటరీ సెట్టింగును అనుమానించాలి. చార్జింగు ఆదా చేయడానికి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కాసేపు వాడని యాప్‌లను నిద్రపుచ్చుతాయి. అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకోగానే వాట్సాప్ లేచి, మిస్డ్ కాల్స్ అన్నీ ఒక్కసారిగా చూపిస్తుంది. ఇదే గుర్తు. సెట్టింగ్స్‌లో Apps, అందులో WhatsApp, అందులో Battery తెరిచి Unrestricted అని పెట్టాలి. షావోమీ ఫోన్లలో No restrictions అని ఉంటుంది, దానితోపాటు Autostart కూడా ఆన్ చేయాలి. బోటిమ్‌కూ ఇదే చేయాలి. పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు చేసిపెట్టాల్సిన మొదటి పని ఇది. చేసి ఊరుకోకుండా, ఫోన్‌ను ఓ గంట ముట్టకుండా పక్కన పెట్టి, ఆ తర్వాత కాల్ చేసి చూడాలి.

కాల్ కలిశాక సీలింగ్ ఫ్యాన్ కనబడటం ప్రతి ఇంటి కథే! ఫోన్ చేత్తో పట్టుకుంటే చెయ్యి లాగి, మెల్లగా ఒళ్లోకి జారుతుంది. బల్ల మీద ఓ స్టాండు పెట్టి, కిటికీ గానీ లైటు గానీ పెద్దవాళ్ల వెనక కాకుండా ఎదురుగా ఉండేలా కూర్చోబెడితే ముఖం తేటగా కనబడుతుంది. వినికిడి తగ్గినవాళ్లకు టీవీ ఆపడమే పెద్ద సాయం. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం పిల్లలు నేర్చుకోవాలి.

దూరంనుంచి సెట్టింగులు సరిచేయడానికి వాట్సాప్‌లోనే ఓ వీలుంది. వీడియో కాల్‌లో ఉండగా అమ్మ స్క్రీన్ షేర్ నొక్కితే ఆమె తెర కొడుకుకు కనబడుతుంది. ‘ఇక్కడ నొక్కమ్మా, ఇప్పుడు కిందికి జరుపు’ అని చెప్పి చేయించవచ్చు. అయితే ఈ వీలునే దొంగలూ వాడుకుంటున్నారు. బ్యాంకు వాళ్లమంటూ స్క్రీన్ షేర్ చేయించి, తెర మీదికి వచ్చిన ఓటీపీ చూసి డబ్బు లాగేస్తారు. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కాల్ కట్ చేయొద్దు’ అని బెదిరించేవాళ్లు వేరే. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ‘మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు’ అన్న మాట చాలు, పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రుల కాళ్లూచేతులూ ఆడవు.

వాట్సాప్‌లో ప్రైవసీ, అందులో కాల్స్ తెరిస్తే Silence unknown callers అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కొత్త నంబర్ల కాల్స్ మోగవు. పిల్లలు నంబరు మార్చినప్పుడు అమ్మ ఫోన్‌లో సేవ్ చేయించకపోతే వాళ్ల కాలూ మోగదు, అది మరవద్దు. ‘తెర చూపించమని మేము తప్ప ఎవరడిగినా కట్ చేసి మాకు ఫోన్ చెయ్యండి’ అని ఒక్క నియమం పెట్టి, ఫోన్ స్టాండు పక్కనే రాసి అంటించండి. దాని కింద 1930 అని కూడా రాయండి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు చేయాల్సిన జాతీయ నంబరు అది. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.