చివరి పనిదినం తేదీతో సహా రాయండి

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ‘పేపర్లు వేశాను’ అంటే రాజీనామా చేశానని అర్థం. ఇప్పుడు అందులో కాగితమేమీ లేదు. మేనేజర్‌కు ఒక ఈమెయిల్ పంపి, ఆ తర్వాత కంపెనీ పోర్టల్‌లో ఒక బటన్ నొక్కితే చాలు. ఆ ఈమెయిల్ ఎనిమిది వాక్యాలు దాటనక్కర్లేదు. అయినా దానికోసం రాత్రంతా కూర్చుని పేజీలకు పేజీలు రాసేవాళ్లు ఉన్నారు. ఎందుకు వెళ్తున్నారో రాస్తారు, జీతం పెరగని సంగతి రాస్తారు, అమ్మానాన్నల ఆరోగ్యం గురించి రాస్తారు. కానీ ఏ తేదీ వరకు పనిచేస్తారో మాత్రం రాయరు. కంపెనీకి కావలసింది మొదట ఆ తేదీయే. మీకు కావలసిందీ అదే.

తేదీ ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణలో చూద్దాం. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్న ఇంజినీరు ఉన్నాడనుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు 90 రోజులని ఉంది. మన ఐటీ సర్వీసెస్ కంపెనీల్లో ఇది మామూలే. అతను 2025 జూన్ 2, సోమవారం నాడు రాజీనామా పంపాడు. కొత్త కంపెనీ సెప్టెంబర్ 1న చేరమంది. ‘మూడు నెలలు సరిగ్గా సరిపోయాయి’ అనుకున్నాడు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేద్దాం. మెయిల్ పంపిన జూన్ 2నే మొదటి రోజుగా తీసుకుంటే జూన్‌లో 29 రోజులు, జూలైలో 31 రోజులు కలిపి 60 అవుతాయి. మిగిలిన 30 ఆగస్టులో పూర్తవుతాయి. అంటే చివరి రోజు ఆగస్టు 30, శనివారం. మెయిల్ పంపిన రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కిస్తే ఆగస్టు 31, ఆదివారం. అదే లెటర్‌లో ‘90 రోజులు’ బదులు ‘మూడు నెలలు’ అని ఉండి ఉంటే సెప్టెంబర్ 1 అవుతుంది. పైగా మెయిల్ సోమవారం పంపి, పోర్టల్‌లో మాత్రం మేనేజర్‌తో మాట్లాడాక గురువారం నమోదు చేస్తే, చాలా చోట్ల హెచ్‌ఆర్ విభాగం పోర్టల్ తేదీనే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు చివరి రోజు మరో మూడు రోజులు వెనక్కు జరుగుతుంది.

ఒకటి రెండు రోజుల తేడాతో ఏమవుతుందని అనిపించవచ్చు. పాత కంపెనీలో సెప్టెంబర్ 2 వరకు, కొత్త కంపెనీలో సెప్టెంబర్ 1 నుంచి పనిచేసినట్టు రికార్డుల్లో పడితే ఆ రెండు రోజులూ రెండు ఉద్యోగాలు చేసినట్టవుతుంది. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ యూఏఎన్ నంబరు కింద నమోదవుతాయి. కొత్త కంపెనీ తరఫున పాత వివరాలు సరిచూసేవాళ్లు, అంటే ఐటీవాళ్లు ‘బీజీవీ’ అని పిలిచే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు, ఆ తేదీలను తప్పకుండా చూస్తారు. నిజాయితీగా పనిచేసిన మనిషి వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. అందుకే పాత ఉద్యోగం ముగిసిన మర్నాడే కొత్తదాంట్లో చేరతానని మాట ఇవ్వకుండా, కనీసం వారం రోజులు ఎడం అడగడం మంచిది. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

ఇక మెయిల్ సంగతి. ఆఫీసులో దీన్ని ఇంగ్లీషులోనే రాస్తారు. సారం ఇలా ఉంటే సరిపోతుంది:

విషయం: రాజీనామా – చివరి పనిదినం 30 ఆగస్టు 2025

నమస్కారం అండీ,

సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగానికి నేను ఈరోజు, 2 జూన్ 2025న, రాజీనామా చేస్తున్నాను. అపాయింట్‌మెంట్ లెటర్‌లోని 90 రోజుల నోటీసు ప్రకారం, ఈరోజు నుంచి లెక్కిస్తే నా చివరి పనిదినం 30 ఆగస్టు 2025 అవుతుంది. ఈ లెక్కలో తేడా ఉంటే ఈ వారంలోగా తెలియజేయగలరు.

పోయిన ఏడాది బిల్లింగ్ సిస్టమ్ మార్పు సమయంలో క్లయింటుతో నేరుగా మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. డిజైన్ గురించి ఆలోచించడం నేను నేర్చుకున్నది అక్కడే. అందుకు మీకు కృతజ్ఞతలు.

నేను చూస్తున్న రెండు మాడ్యూళ్ల పని అప్పగింత ప్రణాళిక శుక్రవారం నాటికి పంపిస్తాను. ఈ మెయిల్ అందినట్టు ఒక మాట రాయగలరు.

ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇందులో మొదటి వాక్యంలోని క్రియను గమనించండి. ‘చేస్తున్నాను’ అని ఉంది. ‘రాజీనామా చేయాలనుకుంటున్నాను’, ‘వెళ్లే ఆలోచనలో ఉన్నాను’ అని మొహమాటంగా రాసేవాళ్లు ఎక్కువ. మన మర్యాద అలాంటిది. కానీ అలా రాస్తే అది రాజీనామా అవుతుందా, సంప్రదింపు అవుతుందా అన్న అనుమానం వస్తుంది. మేనేజర్ ‘మాట్లాడుకుందాం’ అని రెండు వారాలు గడిపేస్తే, నోటీసు ఇంకా మొదలే కాలేదని హెచ్‌ఆర్ అనవచ్చు. దీనికి పూర్తిగా ఎదురు తప్పు ‘తక్షణం అమల్లోకి వచ్చేలా’ అనే మాట. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో అది కనిపిస్తుంది. పైన తక్షణం అని రాసి, కింద 90 రోజులు పనిచేస్తానంటే ఆ రెండు మాటలూ పొసగవు.

కృతజ్ఞత దగ్గర కూడా ఇంతే స్పష్టత ఉండాలి. ‘మీరిచ్చిన అవకాశాలన్నిటికీ ధన్యవాదాలు’ అన్న వాక్యం ఎవరైనా ఎవరికైనా రాయవచ్చు, అందుకే అది ఎవరికీ గుర్తుండదు. జరిగిన సంగతి ఒక్కటి చెప్పండి. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే మేనేజర్ కూడా లైన్లో ఉన్న సంగతి కావచ్చు, మీ తప్పును నలుగురిలో కాకుండా విడిగా పిలిచి చెప్పిన సంగతి కావచ్చు. నాలుగేళ్లు కలిసి పనిచేశాక అలాంటిది ఒక్కటైనా దొరుకుతుంది. నిజంగా దొరక్కపోతే టీమ్‌కు కృతజ్ఞత చెప్పండి, మేనేజర్‌ను లేనిపోనిదానికి పొగడకండి. ఆ మెయిల్ ఆయన దగ్గర ఆగదు. హెచ్‌ఆర్‌కు, ఆ పై అధికారికి వెళ్లి మీ ఫైల్లో ఉండిపోతుంది.

కారణం రాయాలా అని చాలామంది అడుగుతారు. రాయనక్కర్లేదు. కొత్త కంపెనీ పేరు, జీతం అసలే వద్దు. అవి రాస్తే సంభాషణ కౌంటర్ ఆఫర్ వైపు తిరుగుతుంది. పనిలో ఇబ్బందులు చెప్పడానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఉంది. ఒక్క సందర్భం మాత్రం వేరు. వేధింపులు, మోసం వంటి తీవ్రమైన కారణంతో వెళ్లిపోతున్నవాళ్లు ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయకూడదు. ఆ మాటే రేపు వారి ఫిర్యాదుకు అడ్డం వస్తుంది. రాజీనామాలో కారణం ఊసెత్తకుండా, ఫిర్యాదును దానికి సంబంధించిన కమిటీకి విడిగా రాతపూర్వకంగా ఇవ్వాలి.

ముందుగా వెళ్లాలనుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మన ఇంజినీరుకు జూలై 31కే వెళ్లాలని ఉందనుకోండి. మెయిల్‌లో చివరి పనిదినం జూలై 31 అని రాసేస్తే, నోటీసులో 30 రోజులు తానే తగ్గించుకున్నట్టవుతుంది. కంపెనీ ఆ 30 రోజుల డబ్బు చివరి లెక్కలో మినహాయించుకోవచ్చు. ఎంత అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లోని ఒక మాట మీద ఆధారపడి ఉంటుంది. నెలకు మొత్తం జీతం లక్షా పదివేలు, అందులో బేసిక్ 45 వేలు అనుకుందాం. బేసిక్ మీద అని ఉంటే 45 వేలు పోతాయి, గ్రాస్ మీద అని ఉంటే లక్షా పదివేలు పోతాయి. కాబట్టి ఒప్పందం ప్రకారం వచ్చే తేదీనే రాసి, కింద వేరే వాక్యంలో ‘పని అప్పగింత ముందే పూర్తయితే జూలై 31న రిలీవ్ చేసే వీలుందేమో పరిశీలించగలరు’ అని అడగాలి. అప్పుడది విన్నపం అవుతుంది. ఒప్పుకుంటే, ఆ 30 రోజులకు డబ్బు కోయబోమన్న మాట కూడా మెయిల్‌లోనే తీసుకోవాలి. నోటిమాట మేనేజర్ మారితే మాయమవుతుంది. నోటీసులో సెలవులు పెడితే అన్ని రోజులూ చివరి తేదీని వెనక్కు జరిపే కంపెనీలు ఉన్నాయి కనుక, ఆ నిబంధన కూడా ముందే చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క వేరు. అక్కడ రెండు వారాల నోటీసు ఆనవాయితీయే తప్ప, సాధారణంగా చట్టం విధించింది కాదు. మెయిల్ పంపిన రోజే లాప్‌టాప్ తీసుకుని పంపించేసే కంపెనీలూ ఉన్నాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులే గడువు ఉంటుంది, అది కూడా అక్కడ ఉండేందుకు ఇచ్చిన అనుమతి గడువు అంతకన్నా ముందే తీరిపోకపోతేనే. కొత్త కంపెనీ తమ పిటిషన్ దాఖలు చేసి, రసీదు వచ్చిందని చెప్పాకే రాజీనామా పంపడం క్షేమం.

మెయిల్ పంపే ముందు మేనేజర్‌తో ఒక పది నిమిషాలు నేరుగానో ఫోన్లోనో మాట్లాడండి. వార్త ముందు మీ నోటి నుంచి వినాలని ఆయన కోరుకోవడం సహజం. మాట్లాడిన రోజే మెయిల్ పంపండి, హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టండి, పోర్టల్‌లో అదే రోజు, అదే తేదీతో నమోదు చేయండి. చివరి రోజు సాయంత్రానికి ఆఫీసు లాగిన్ ఆగిపోతుంది కనుక పే స్లిప్పులు, ఫారం 16లు ముందే దించుకోండి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక అందులోని తేదీ, మీ మెయిల్‌కు వచ్చిన జవాబులోని తేదీ ఒకటేనా చూసుకోండి. తర్వాత పీఎఫ్ పోర్టల్ తెరిచి మానేసిన తేదీ పడిందో లేదో కూడా చూడండి. కంపెనీ నమోదు చేయకపోతే, ఉద్యోగం మానేసిన రెండు నెలల తర్వాత ఆ తేదీని ఆధార్ ఓటీపీతో మీరే అక్కడ నమోదు చేసుకోవచ్చు.