ఒకే ఏడాది, మూడు వృద్ధి రేట్లు

2022-23లో ఇన్ఫోసిస్ ఆదాయం రూపాయల్లో 20.7 శాతం పెరిగింది. డాలర్లలో చూస్తే పెరిగింది 11.7 శాతమే. అదే నివేదికలో 'కాన్‌స్టంట్ కరెన్సీ' ప్రకారం వృద్ధి 15.4 శాతం అని ఉంది. మూడు అంకెలూ నిజమే. అయితే ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

మన ఐటీ కంపెనీల సంపాదనలో పెద్ద భాగం డాలర్లలో వస్తుంది. మిగిలినది యూరోలు, పౌండ్లు తదితర కరెన్సీల్లో. 2022లో డాలర్ బాగా బలపడింది. యూరో, పౌండ్, రూపాయి మూడూ దాని ముందు తగ్గాయి. ఆ మార్పు లెక్కను ఎలా తిప్పుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం.

ఒక కంపెనీ యూరప్ ఖాతాదారు నుంచి నిరుడు 100 యూరోలు, ఈ ఏడు 110 యూరోలు వసూలు చేసిందనుకోండి. అంటే పని 10 శాతం పెరిగింది. యూరో విలువ 1.16 డాలర్ల నుంచి 1.04కు పడిపోయింది. అప్పుడు నిరుటి ఆదాయం 116 డాలర్లు, ఈ ఏటిది 114.40. పని పెరిగినా డాలర్ లెక్కలో ఆదాయం తగ్గినట్టే కనిపిస్తుంది. ఇక డాలర్ 74.50 రూపాయల నుంచి 80కి చేరితే, రూపాయల్లో ఆదాయం 8,642 నుంచి 9,152కు పెరుగుతుంది. అంటే దాదాపు 6 శాతం.

కాన్‌స్టంట్ కరెన్సీలో ఈ ఏటి 110 యూరోలను కూడా నిరుటి 1.16 రేటుతోనే గుణిస్తారు. 127.60 డాలర్లు వస్తాయి. 116తో పోలిస్తే సరిగ్గా 10 శాతం ఎక్కువ. మారకపు రేటు ప్రభావం పోయి, వ్యాపారం ఎంత పెరిగిందో మిగులుతుంది. ఇన్ఫోసిస్ రాబోయే ఏడాది ఆదాయ అంచనాను కాన్‌స్టంట్ కరెన్సీలో చెప్పేదీ ఇందుకే. యూరో ఎటు పోతుందో కంపెనీ చేతిలో ఉండదు.

అలాగని దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. హైదరాబాద్‌లో ఉద్యోగికిచ్చే జీతం, వాటాదారుకు పంచే డివిడెండ్ ఇవాళ్టి రూపాయల్లోనే వెళ్తాయి. నిరుటి రేటుకు బ్యాంకు డబ్బు మార్చివ్వదు. పైగా ఆ ఏడాది మరో సంస్థను కొని ఉంటే, దాని ఆదాయమూ ఈ వృద్ధిలో కలిసిపోతుంది. సొంత వ్యాపారం ఎంత పెరిగిందో తెలియాలంటే దాన్ని విడిగా తీసేయాలి.

అందుకే ఫలితాలు వచ్చినప్పుడు కాన్‌స్టంట్ కరెన్సీ, రూపాయి అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. రూపాయి వృద్ధి చాలా ఎక్కువగా ఉంటే ఆ తేడా మారకపు రేటుది. రూపాయి ఆగిన ఏడాది అది మళ్లీ రాదు. రెండూ దగ్గరగా ఉంటే ఆ వృద్ధి దాదాపుగా పని తెచ్చిందే. ఒక ప్రకటనలో ఈసారి ఒక అంకె, పోయినసారి మరో అంకె ముందుకు వస్తుంటే, రెండు ప్రకటనలనూ ఒకే కొలతకు తెచ్చాకే పోల్చండి.