గోల్ పడని నిమిషానికి ఎంత విలువ?

2010 జూలై 11, జొహానెస్‌బర్గ్. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో స్పెయిన్, నెదర్లాండ్స్ తలపడుతున్నాయి. 62వ నిమిషంలో డచ్ ఆటగాడు రాబెన్ బంతితో ఒంటరిగా గోల్‌కీపర్ కసియాస్ మీదికి దూసుకొచ్చాడు. కసియాస్ ఒక పక్కకు పడిపోతూనే కాలు చాపాడు. బంతి ఆ బూటుకు తగిలి గోల్ పక్కనుంచి బయటికి పోయింది. స్కోరు అలాగే 0-0. టీవీ ముందున్నవాళ్లు తల పట్టుకున్నారు. పందెం ధరలు వేసేవాళ్ల తెరమీద మాత్రం ఇలాంటి ఆటల్లో మొదటి నిమిషం నుంచీ ఒకటే పని జరుగుతూ ఉంటుంది: మ్యాచ్‌లో మొత్తం ఎన్ని గోల్స్ పడతాయన్న అంచనా కొద్దికొద్దిగా దిగుతూ పోతుంది.

ఈ పందేన్ని ఓవర్-అండర్ అంటారు. బుకీ ఒక గీత గీస్తాడు, దాన్నే లైన్ అంటారు. 2.5 గీస్తే మూడు గోల్స్ పడినప్పుడు ఓవర్ గెలుస్తుంది, రెండూ లేదా అంతకంటే తక్కువైతే అండర్. అర ఎందుకంటే సరిసమానం అయ్యే బెడద ఉండకూడదని. లైవ్‌లో ఆట నడుస్తుండగానే ఈ ధరలు మారుతుంటాయి.

ఎందుకు మారతాయో తెలియాలంటే అంకెల్లోకి దిగాలి. ఇవి ఆ ఫైనల్ రోజు పలికిన ధరలు కావు. అలాంటి బిగుతైన మ్యాచ్ అనుకుని నేను కట్టిన లెక్క. రెండు జట్లూ కలిసి సగటున 2 గోల్స్ కొడతాయనుకుందాం. గోల్స్ రెండో సగంలో కాస్త ఎక్కువ పడతాయి కాబట్టి మొదటి సగానికి 0.9, రెండో సగానికి 1.1 అని పంచుదాం. గోల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎప్పుడైనా పడొచ్చనుకుని పాసాన్ సూత్రంతో లెక్క కడితే, ఆట మొదలవగానే కనీసం ఒక గోల్ పడే అవకాశం 86 శాతం. అంటే 'ఓవర్ 0.5'కి న్యాయమైన ధర 1.16 చుట్టూ ఉంటుంది. వంద పెట్టి గెలిస్తే చేతికి వచ్చేది నూట పదహారు.

విరామానికి గోల్ లేదు. ఇక మిగిలింది రెండో సగం తాలూకు 1.1 మాత్రమే. గడిచిపోయిన 0.9 మళ్లీ రాదు. గోల్ పడే అవకాశం 67 శాతానికి దిగుతుంది, ధర 1.50 అవుతుంది. 62వ నిమిషానికి, అంటే రాబెన్ బంతి పక్కకు పోయిన వేళకు, చివర్లో కలిపే ఓ నాలుగు నిమిషాల ఇంజురీ టైమ్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే మిగిలిన గోల్స్ అంచనా 0.7. అక్కడ గోల్ పడటం, పడకపోవడం దాదాపు సగం సగం. 75వ నిమిషానికి ధర 2.9 దాకా, 85కి అయిదున్నర దాకా ఎక్కుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మిగిలిన గోల్స్ అంచనా దాదాపు తిన్నగా దిగుతుంది, సమయం ఎంత పోతే అంత. ధర మాత్రం అలా నడవదు. మొదటి నలభై అయిదు నిమిషాల్లో 1.16 నుంచి 1.50కి బద్ధకంగా పాకిన ధర, చివర్లో పది నిమిషాల్లోనే దాదాపు రెట్టింపవుతుంది. తక్కువ గోల్స్ మ్యాచ్‌ల చివరి ఘట్టం ధరల తెరమీద అంత గందరగోళంగా కనిపించడానికి కారణం ఇదే.

'ఇంతసేపూ పడలేదు కదా, ఇక పడి తీరాలి' అనే మాట ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది. లెక్క దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. బంతికి జ్ఞాపకం లేదు. పైగా గోల్ పడకపోవడమే ఒక సమాచారం. జట్లు మనం మొదట అనుకున్నంత దూకుడుగా ఆడటం లేదేమో అన్న అనుమానం దానివల్ల పెరుగుతుంది. షాట్లు కూడా తక్కువుంటే ధరలు వేసేవాళ్లు మిగిలిన అంచనాను గడియారం కంటే కాస్త ఎక్కువే తగ్గిస్తారు.

'అయితే ముందే అండర్ కొని ఊరుకుంటే నిమిషం నిమిషానికీ లాభమే కదా' అనే వాదం ఇంకా తెలివిగా వినిపిస్తుంది. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అదే మ్యాచ్‌లో 20వ నిమిషం, స్కోరు 0-0. 'అండర్ 2.5' గెలిచే అవకాశం 78 శాతం. ఆ క్షణంలో గోల్ పడితే అది ఒక్కసారిగా 52కి పడిపోతుంది, అంటే 26 పాయింట్ల దెబ్బ. గోల్ పడని ఒక్కో నిమిషానికి వచ్చేది మాత్రం అర పాయింటు. ఆ దశలో గోల్స్ వేగం సుమారు 52 నిమిషాలకు ఒకటి. యాభై రెండు అరలు కలిపితే ఎంత? సరిగ్గా 26. ఇది కాకతాళీయం కాదు, ధర న్యాయంగా ఉంటే ఎప్పుడు చూసినా ఈ లెక్క తేలాల్సిందే. అండర్ కొన్నవాడు బీమా కంపెనీలాంటివాడు. నెలనెలా చిన్న ప్రీమియం వసూలవుతుంది, ఒకనాడు పెద్ద క్లెయిమ్ మీద పడుతుంది. కాలం గడవడం వల్ల అతనికి వచ్చేది ఉచితం కాదు, మోసిన ప్రమాదానికి కూలి.

అదీ ధర న్యాయంగా ఉన్నప్పుడు. మన లెక్కలో మొదట 'ఓవర్ 2.5'కి 3.09, 'అండర్'కి 1.48 న్యాయం. బుకీ వాటిని 2.85కీ 1.42కీ అమ్మాడనుకోండి. తేడా అంతా అతని వాటా, మొత్తం మీద అయిదు శాతం పైచిలుకు. అండర్ నుంచి బయటపడదామని మధ్యలో ఓవర్ కొంటే ఆ వాటా మరోసారి కట్టాలి.

మనం వేసుకున్న తిన్నటి గీతను ఆట చెడగొట్టే సందర్భాలూ ఉన్నాయి. 1982 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. 1-0తో ముగిస్తే ఇద్దరూ ముందుకు పోతారు, అల్జీరియా ఇంటికి పోతుంది. ఆ తర్వాత రెండు జట్లూ బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ మ్యాచ్ గడిపేశాయి. అక్కడ మిగిలిన ఎనభై నిమిషాలకూ సగటు గోల్స్ వేగం వర్తించదు. నాకైతే సూత్రాల మీద అతి నమ్మకం ఉన్నవాళ్లకు చూపించాల్సిన మ్యాచ్ అదే. దీనికి వ్యతిరేక దిశలో 2022 ఖతార్ ఉంది. ఇంగ్లాండ్-ఇరాన్ మ్యాచ్‌లో ఇరాన్ గోల్‌కీపర్‌కు గాయమై ఆట చాలాసేపు ఆగితే, మొదటి సగానికే 14 నిమిషాలు కలిపారు. ఆట ఆగినప్పుడు తెరమీద గడియారం నడుస్తుంది గానీ గోల్స్‌కు మిగిలిన సమయం తరగదు. అలాంటప్పుడు గడియారాన్నే నమ్మి ధర దించేసేవాడు నష్టపోతాడు.

ఎప్పటిదాకా పడ్డ గోల్స్ లెక్కకు వస్తాయన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వేరే చెప్పకపోతే మామూలుగా ఈ పందేలు 90 నిమిషాలు, ఇంజురీ టైమ్‌తో ముగుస్తాయి. 2010 ఫైనల్‌లో ఇనియెస్తా 116వ నిమిషంలో కొట్టిన గోల్ స్పెయిన్‌కు కప్పు తెచ్చింది. ఆ నిబంధన కింద 'ఓవర్ 0.5' పెట్టినవాడికి మాత్రం అది పడనట్టే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయినా యాప్‌లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో 'లైవ్ టోటల్స్ చిట్కాలు' అమ్మేవాళ్లు తగ్గలేదు. వాళ్లు ఎప్పుడూ చెప్పని వివరం ఒకటుంది. టీవీ ప్రసారం మైదానంలో జరిగేదానికంటే కొన్ని క్షణాలు వెనక నడుస్తుంది. ఎదురుగా ప్రమాదకరమైన దాడి మొదలవగానే బుకీ ధరలను ఆపేస్తాడు, లేదా మనం నొక్కిన పందేన్ని కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఈలోగా గోల్ పడితే తిరస్కరిస్తాడు. కాబట్టి మన చేతికి దొరికే ధర దాదాపు ఎప్పుడూ ఏమీ జరగని నిమిషాలదే, అందులోనూ అతని వాటా ముందే కోసేసి ఉంటుంది.