ఎనిమిదికి మూడింట రెండో ఘాతం

ఎనిమిదిని రెండుసార్లు వేసి గుణించమంటే సరే, మూడింట రెండుసార్లు ఎలా వేస్తాం? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఘాతాంకాన్ని నడకగా చూస్తే చిక్కు విడిపోతుంది. 1 దగ్గర బయల్దేరి, 8తో గుణించి 8 చేరడం ఒక పూర్తి అంగ. దాన్నే మూడు సమానమైన అడుగులుగా వేయాలంటే ప్రతి అడుగుకూ 2తో గుణించాలి: 1, 2, 4, 8. మూడింట రెండు అంటే అందులో రెండు అడుగులే. కాబట్టి 8^(2/3) = 4.

దీన్ని 8లో మూడింట రెండు వంతులనుకుని 5.33 అని రాసేస్తుంటారు. సరిచూడటం తేలిక: 4 ఘనం 64, 8 వర్గమూ 64.

ఘాతాంకం ముందు రుణ గుర్తు ఉంటే 1 నుంచి వెనక్కి నడవాలి, అడుగడుగునా 2తో భాగిస్తూ: 1, 1/2, 1/4. అందుకే 8^(-2/3) = 1/4. జవాబు చిన్నదైంది కానీ రుణసంఖ్య కాలేదు.