కుర్చీతో మొదలయ్యే ప్రకటన

యోగా నేర్పే చోట కొత్తవాళ్ళ కోసం బ్యాచ్ పెడుతున్నారంటే, ఆ ప్రకటన వినాల్సినవాళ్ళలో సగం మంది మొదటి మాటకే చెవులు మూసుకుంటారు. మోకాళ్ళు పట్టేసిన అరవై ఏళ్ళావిడ, పొట్ట అడ్డొచ్చి చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి ఆయాసపడే నలభై ఏళ్ళాయన, ప్రసవం తర్వాత ఒళ్ళు తనది కానట్టు అనిపిస్తున్న కోడలుపిల్ల. యోగా మంచిదని వీళ్ళందరికీ తెలుసు, ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట చిన్నప్పటి నుంచీ విని విని, అది తమ గురించే చెప్పారని నమ్మేశారు. ప్రకటన రాసేవాడికి ఎదురుగా ఉన్న గోడ ఆ నమ్మకమే.

మామూలుగా వచ్చే స్క్రిప్టు ఇలా ఉంటుంది: ‘వయసు కేవలం ఒక అంకె! మీలోని శక్తిని మేల్కొల్పండి! నెలలో బరువు తగ్గండి, షుగర్, బీపీలకు వీడ్కోలు చెప్పండి!’ వెనకాల వేణువు, తెర మీద కొండ అంచున శీర్షాసనం వేసిన పాతికేళ్ళ అమ్మాయి. ఇది విన్న అరవై ఏళ్ళావిడకు ధైర్యం రాదు. వయసు అంకె మాత్రమే కాదని ఆవిడ మోకాళ్ళు రోజూ చెబుతూనే ఉన్నాయి. ఆవిడకు తెలిసిన నిజాన్నే కాదంటున్నవాళ్ళు తర్వాత ఏం చెప్పినా ఆవిడకు నమ్మాలనిపించదు.

షుగర్, బీపీల మాట ఇంకో ప్రమాదం తెస్తుంది. రుజువు చూపించలేని హామీ ఇస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. జరిమానా మొదటిసారి పది లక్షల రూపాయల దాకా వేయొచ్చు. యోగా మందులకు తోడుగా పనికొస్తుంది. వాటికి వీడ్కోలు చెప్పమన్న మాట పట్టుకుని ఎవరైనా మాత్రలు మానేస్తే, ఆ నష్టం జరిమానాతో తీరేది కాదు.

అందుకని రాయడానికి కూర్చునే ముందు రెండు చోట్లకు వెళ్ళాలి. మొదటిది ఫోన్ ఎత్తేవాళ్ళ దగ్గరికి. వాకబు చేసినవాళ్ళు ఏమేం అడిగారో వాళ్ళకు తెలుస్తుంది. ఫీజు గురించి అడిగేది చివర్లో. ముందు వచ్చేవి వేరు: కింద కూర్చోవాలా? కూర్చుంటే లేవలేనండీ. ఏ బట్టలతో రావాలి? అక్కడంతా పడుచువాళ్ళేనా? నాకు బీపీ ఉంది, ఫర్వాలేదా? నా అనుభవంలో ఈ ప్రశ్నలే స్క్రిప్టు. నొప్పి గురించిన భయం వీటిలో తక్కువ. నలుగురి ముందూ చేతకానివాళ్ళలా కనబడతామేమోనన్న భయమే ఎక్కువ.

రెండోది నేర్పేవాళ్ళ దగ్గరికి. ఆ ప్రశ్నలకు మొదటి వారం క్లాసులో నిజంగా ఏం జవాబు దొరుకుతుందో వాళ్ళే చెప్పాలి. చేతులు లేని, చక్రాలు లేని గట్టి కుర్చీ, దాని వీపు గోడకు ఆనించి, కాళ్ళ కింద జారని చాప. ఆ కుర్చీలో రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా కూర్చుని, శ్వాసతో పాటు చేతులు పైకెత్తడం, వీపును మెల్లగా ముందుకూ వెనక్కూ కదపడం, మడమలు ఎత్తి దించడం. తర్వాత కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని తాడాసనం. వృక్షాసనం కావాలంటే ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో పాదం వేళ్ళు నేల మీదే ఉంచి, మడమ మాత్రం చీలమండకు ఆనిస్తే చాలు. నేల మీదికి వెళ్ళడం మూడో వారం. అది కూడా లేవడం నేర్పాకే: పక్కకు ఒత్తిగిలి, చేతుల మీదా మోకాళ్ళ మీదా వచ్చి, రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి, ఒక పాదం ముందుకేసి లేవడం. మోకాళ్ళ మీద బరువు మోపకూడని వాళ్ళు అప్పుడూ కుర్చీలోనే ఉంటారు.

కుర్చీ అంటే తక్కువరకం యోగా అనుకునేవాళ్ళుంటారు. బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నతనంలో జబ్బులతో చిక్కి శల్యమైన కుర్రాడు. కర్ణాటకలోని బెళ్ళూరులో 1918లో పుట్టిన ఆయన తర్వాత కుర్చీలు, చెక్క ఇటుకలు, పట్టీలు, తాళ్ళు వాడి, ఒళ్ళు వంగనివాళ్ళ చేత కూడా ఆసనాలు వేయించే పద్ధతిని ప్రపంచమంతటికీ నేర్పారు. ప్రకటనలో ఆయన పేరు అక్కర్లేదు. కుర్చీ చూపించడానికి మొహమాటపడే యజమానికి మాత్రం ఈ సంగతి చెప్పి ఒప్పించాలి.

ఇప్పుడు స్క్రిప్టు. ఎఫ్.ఎం. రేడియోకి ముప్పై సెకన్లు అనుకుందాం. తెలుగులో తొందరపడకుండా మాట్లాడితే అరవై, అరవై అయిదు మాటలు పడతాయి. పేరు, ఫోన్ నంబరు అందులోనే రావాలి కాబట్టి అన్ని ప్రశ్నలకూ చోటుండదు. ఎక్కువమందిని ఆపేసేవి మూడు తీసుకుని మిగిలినవి వదిలేయాలి. పొద్దున్నే గుమ్మం దగ్గర మాట్లాడుకుంటున్న ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఇద్దరికీ అరవై అటూ ఇటూ.

మొదటావిడ: యోగాకి వస్తారా వదినా?
రెండో ఆవిడ: నాకెక్కడ వంగుతుంది! కింద కూర్చుంటే ఒకరొచ్చి లేపాలి.
మొదటావిడ: కింద కూర్చునే పనే లేదు. మొదటి రెండు వారాలూ కుర్చీలోనే.
రెండో ఆవిడ: అక్కడంతా పడుచువాళ్ళేమో?
మొదటావిడ: అందరూ మనలాంటి కొత్తవాళ్ళే. పది మందిమి.
రెండో ఆవిడ: మరి నా బీపీ?
మొదటావిడ: నాకూ ఉందిగా. మేడంకి ముందే చెప్పాను. తల కిందికి వాల్చేవి నాతో చేయించరు.
గొంతు: నిదానం బ్యాచ్. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున పదింటికి. మొదటి రోజు వచ్చి కూర్చుని చూడండి, డబ్బు కట్టక్కర్లేదు.
తర్వాత కేంద్రం పేరు, ఫోన్ నంబరు.

ఇందులో ‘భయపడకండి’ అన్న మాట ఎక్కడా లేదు. భయపడకండి అంటే భయపడాల్సింది ఏదో ఉందన్నట్టే వినిపిస్తుంది. భయం రెండో ఆవిడ నోట వచ్చింది, జవాబు మొదటావిడ నోట వచ్చింది. జవాబు ప్రతిసారీ కంటికి కనబడే వస్తువో, లెక్కపెట్టగలిగే సంఖ్యో: కుర్చీ, రెండు వారాలు, పది మంది. అందుకే పదకొండో మనిషిని చేర్చుకుంటే ప్రకటన అబద్ధమైపోతుంది. యజమాని ముందుగానే ఒప్పుకోవాల్సిన షరతు అది.

బీపీ మాటను అక్కడ పెట్టడానికి కారణం ఉంది. ‘డాక్టరు సలహా తీసుకోండి’ అన్న హెచ్చరికను చివర్లో ఊపిరాడకుండా గబగబా చదివితే ఎవరి చెవికీ ఎక్కదు. అదే మాట వదిన నోట సంభాషణలో వస్తే, ముందే చెప్పాలన్న సంగతి వినేవాళ్ళకు తెలుస్తుంది, చెబితే వెళ్ళగొట్టరన్న ధైర్యమూ కలుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా ఉన్నవాళ్ళు తల గుండె కన్నా కిందికి వెళ్ళే భంగిమలు మానుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టడం కూడా మానాలి. ఎముకలు గుల్లబారినవాళ్ళు వెన్ను గుండ్రంగా వంచి ముందుకు బాగా వంగకూడదు. ఇవన్నీ ప్రకటనలో పట్టవు. చేరే రోజు నింపించే కాగితంలో ఉండాలి, నేర్పేవాళ్ళు దాన్ని చదివి ఉండాలి. ఈమధ్యే గుండెకో, మోకాలికో ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడిగాకే రావాలి.

బ్యాచ్ పేరు గురించి ఒక మాట. ‘సీనియర్ సిటిజన్ బ్యాచ్’ అంటే నలభై ఏళ్ళ భారీమనిషి తనది కాదనుకుంటాడు, యాభై ఎనిమిదేళ్ళావిడకు మనసు చివుక్కుమంటుంది. ‘బామ్మలూ తాతయ్యలూ’ అని పిలిస్తే మరీ అన్యాయం. అలా పిలిచే హక్కు మనవలది, ముక్కూమొహం తెలియని రేడియోది కాదు. వయసుతో కాక నడకతో పేరు పెడితే అందరూ ఇముడుతారు. అందుకే నిదానం బ్యాచ్.

బట్టల ప్రశ్నకు ‘చీరతోనే రావచ్చు’ అన్న జవాబు మొదట నాకు బాగా నచ్చింది. నేర్పేవాళ్ళను అడిగితే ఒప్పుకోరు. కుర్చీలోంచి లేచేటప్పుడు కుచ్చిళ్ళు పాదం కింద పడితే మనిషి తూలిపోతుంది. పంజాబీ డ్రెస్సో, వదులు ప్యాంటో చాలన్న మాట ఫోన్‌లో చెప్పుకోవచ్చు. చెవికి ఎంత ఇంపుగా ఉన్నా, నేర్పేవాళ్ళు కాదన్న మాటను కొట్టేయాలి.

‘డబ్బు కట్టక్కర్లేదు’ అన్నాక తలుపు దగ్గర రిజిస్ట్రేషన్ అంటూ ఒక్క రూపాయి కూడా అడగకూడదు. ఉచితం అని చెప్పి ఏదో పేరుతో వసూలు చేయడాన్ని 2022లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు ఒప్పుకోవు. చూడ్డానికి వచ్చినవాళ్ళను తలుపు పక్కన కూర్చోబెట్టడమూ తప్పే. లోపలున్నవాళ్ళకు ఎవరో తమను వింతగా చూస్తున్నట్టుంటుంది. వచ్చినవాళ్ళకు వరసలోనే ఒక కుర్చీ వేసి, చెయ్యాలనిపిస్తే చేయమనాలి, లేకపోతే ఊరికే కూర్చోమనాలి.

ఇదే ప్రకటనను వీడియోగా తీస్తే అద్దెకు తెచ్చిన మోడల్ వద్దు. బ్యాచ్‌లో ఉన్నవాళ్ళనే, రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్ళనే తీయాలి. మొదటి దృశ్యంలో ఖాళీ కుర్చీ, దాని పక్కన విడిచిన చెప్పులు. ఆసనం పూర్తయ్యాక కాదు, అందులోకి వెళుతుండగా తీయాలి. కుర్చీ వీపు పట్టుకున్న చెయ్యి, సగం దాకే లేచిన రెండో చెయ్యి, అది చాలన్నట్టు తల ఊపుతున్న మేడం. ఆ సగం చెయ్యిని ఎడిటింగ్‌లో తీసేయమని యజమాని అడగొచ్చు. ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ఇంట్లో ఫోన్ పట్టుకుని చూస్తున్నావిడకు తన చెయ్యి కనబడేది అక్కడే.

ప్రకటన వేశాక పని చేసిందో లేదో ఫోన్ల సంఖ్యను బట్టి మాత్రమే తేల్చకూడదు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళనూ ‘ఏ మాట విని చేశారండీ?’ అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఫోన్లు బాగా వచ్చి మనుషులు రాకపోతే లోపం ఫోన్‌లో మాట్లాడే తీరులో ఉంది. ‘మీ వయసెంత? బరువెంత?’ అని మొదలుపెడుతున్నారేమో చూడాలి. మొదటి రోజు వచ్చినవాళ్ళు రెండో రోజు రాకపోతే క్లాసు ప్రకటనలా లేదన్నమాట. ఎక్కువసార్లు దొరికే కారణం ఒకటే: నేర్పేవాళ్ళకు విసుగొచ్చి, రెండో క్లాసులోనే అందరినీ చాప మీదికి దించేసి ఉంటారు. అప్పుడు స్క్రిప్టు మార్చినా లాభం లేదు. నేర్పేవాళ్ళతో కూర్చుని రెండు వారాల కుర్చీ పాఠాలను రోజువారీగా కాగితం మీద రాయించి, అది తేలేదాకా రేడియోలో ప్రకటన ఆపించాలి.