గడువు నుంచి వెనక్కి నడిచే లెక్క

పుట్ ఆప్షన్ అంటే ఒక షేరును ముందే ఖాయం చేసుకున్న ధరకు అమ్ముకునే హక్కు. యూరోపియన్ రకం పుట్‌ను గడువు రోజునే వాడుకోవాలి. అమెరికన్ రకాన్ని ఆలోగా ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఆ వెసులుబాటు విలువ ఎంత? 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ ప్రచురించిన బైనామియల్ ట్రీ పద్ధతితో దీన్ని కాగితం మీదే తేల్చుకోవచ్చు.

డివిడెండ్ ఇవ్వని ఒక షేరు ధర ఇవాళ 100 రూపాయలు అనుకుందాం. ఏటా అది 20 శాతం పెరుగుతుంది, లేదా 10 శాతం పడుతుంది. వడ్డీ 5 శాతం. మన పుట్ రెండేళ్లలోపు షేరును 105కి అమ్ముకోనిస్తుంది. ఏడాదికి ధర 120 లేదా 90. రెండేళ్లకు 144, 108, 81లలో ఒకటి.

పెరగడానికీ పడడానికీ సగం సగం బరువు వేస్తాం. ఇది మార్కెట్ మీద ఎవరి జోస్యమూ కాదు. 120, 90ల సగటు 105; వంద రూపాయలు వడ్డీకిచ్చినా వచ్చేది 105. ఆ రెండూ సరిపోయేలా కుదిర్చిన తూకం అంతే.

ఇక చివరి నుంచి మొదలుపెడదాం. గడువునాడు 144, 108 దగ్గర పుట్‌కు విలువ లేదు. 81 దగ్గర 24 రూపాయలు. ఒక మెట్టు వెనక్కి వస్తే, 120 దగ్గర సున్నా. 90 దగ్గర మాత్రం ఆగి చూడాలి. ఆగితే సున్నా, 24ల సగటు 12. ఏడాది వడ్డీ తీసేస్తే 11.43. ఇప్పుడే అమ్మేస్తే చేతికి 15. కాబట్టి ఇక్కడ రాయాల్సింది 15.

ఆ 3.57 తేడా ఎక్కడిది? 105 రూపాయలు ఏడాది ముందే వస్తే 5.25 వడ్డీ కలుస్తుంది. దాని నేటి విలువ 5. కానీ షేరు 108కి ఎగబాకితే, 105కి అమ్మినందుకు 3 రూపాయలు పోయినట్టే. ఆ నష్టానికి సగం బరువు వేసి వడ్డీ తీస్తే 1.43. ఐదులో అది పోగా మిగిలేది 3.57. ముందస్తు అమ్మకం లాభమా కాదా అన్నది ఈ వడ్డీకీ, పోగొట్టుకునే రక్షణకూ మధ్య బేరమే.

మరో మెట్టు వెనక్కి: సున్నా, 15ల సగటు 7.50, వడ్డీ తీస్తే 7.14. ఇవాళే వాడితే వచ్చేది 5 మాత్రమే, కనుక ఆగడమే మేలు. యూరోపియన్ పుట్ అయితే 5.44 దగ్గరే ఆగేది. చాలామంది పోల్చి చూసే పని మొదటి గడిలో మాత్రమే చేస్తారు. 5.44 ఐదు కన్నా ఎక్కువే కదా అని సరిపెట్టుకుంటే, మధ్యలో దాగిన 1.70 కనిపించదు. ప్రతి గడిలోనూ పోల్చాల్సిందే.

రెండు మెట్లు నేర్చుకోవడానికే. నిజమైన లెక్కల్లో వందల మెట్లు వేస్తారు. మెట్ల సంఖ్య సరి నుంచి బేసికి మారినప్పుడల్లా జవాబు కాస్త అటూ ఇటూ ఊగుతుంది కనుక, పక్కపక్క రెండు జవాబుల సగటు తీసుకోవడం వాడుక.

అమెరికాలో కంపెనీ షేర్ల ఆప్షన్లు సాధారణంగా అమెరికన్ రకమే. మన ఎన్‌ఎస్‌ఈలో మాత్రం 2011 నుంచి షేర్ల ఆప్షన్లు యూరోపియన్ రకానికి మారాయి.